బత్తాయి తోట ఛానెల్ డైరీ: ట్యాగ్, హ్యాష్‌ట్యాగ్, కీవర్డ్... ఏది ఏం పని చేస్తోంది

ఆగస్టు మొదటి వారం

మా పెద్దబాపు బత్తాయి తోట మీద నడిచే యూట్యూబ్ ఛానెల్‌కు వీడియోలు తీసేది నేనే. అప్‌లోడ్ మాత్రం ఇన్నాళ్లూ నల్లగొండలో ఒక ఎడిటింగ్ షాపు వాళ్లు చేసిపెట్టేవాళ్లు. ఈ సీజన్ నుంచి ఆ పని కూడా ఇంట్లోనే చేసుకుందామని అనుకున్నాం. కాయ రాలుడు మీద వీడియో సిద్ధంగా ఉంది. దాన్ని పెట్టేముందు పాత వీడియోలకు ఏమేం రాసి ఉందో యూట్యూబ్ స్టూడియోలో తెరిచి చూశాను.

నిరుడు పెట్టిన కాయ రాలుడు వీడియో టైటిల్ ఇలా ఉంది: "తోట ముచ్చట్లు పార్ట్ 7". బత్తాయి అన్న మాట లేదు, కాయ అన్న మాట లేదు. డిస్క్రిప్షన్‌లో వీడియో గురించి ఒక్క వాక్యం కూడా లేదు. కామాలు పెట్టుకుంటూ పేజీడు మాటలు, వాటి కింద వరుసగా హ్యాష్‌ట్యాగులు: `#viral`, `#trending`, `#telugu`, ఆపై ఇద్దరు ముగ్గురు సినిమా హీరోల పేర్లు. కింద `Show more` నొక్కితే ట్యాగుల డబ్బా కనిపించింది. దాని పరిమితి 500 అక్షరాలు. అది అంచుదాకా నిండి ఉంది, అందులోనూ అవే మాటలు.

అంటే ఒకే మాటల మూటను మూడు చోట్ల దింపారు. షాపు వాళ్లను అడిగితే "ఎన్ని పెడితే అన్ని వ్యూస్ అన్నా" అన్నారు. ఈ మాట చాలామంది దగ్గర విన్నాను. ట్యాగ్, హ్యాష్‌ట్యాగ్, కీవర్డ్ అన్నీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చిన మాట ఇది. కాబట్టి ఈ ఒక్క వీడియోను పట్టుకుని మూడింటినీ విడివిడిగా సరిచేసి, సీజన్ అయిపోయేదాకా గమనించాలని పని మొదలుపెట్టాను.

అదే వారం, ట్యాగుల డబ్బా

మొదట ట్యాగులు. ఇవి వీడియో పెట్టినవాళ్లు స్టూడియోలో నింపేవి, చూసేవాళ్లకు కనపడవు. ఒకప్పుడు వీడియో పేజీ మీదే కనిపించేవి, 2012లో యూట్యూబ్ తీసేసింది. అయితే పూర్తిగా దాగినవీ కావు. కంప్యూటర్‌లో ఏ వీడియో పేజీకైనా సోర్స్ తెరిచి వెతికితే ఇలాంటి వరుస దొరుకుతుంది:

```
<meta name="keywords" content="batthayi, battayi, bathai">
```

గందరగోళం సగం ఇక్కడే పుట్టిందని నాకనిపిస్తుంది. స్టూడియోలో ట్యాగ్ అని నింపింది పేజీ లోపల `keywords` అన్న పేరుతో కూర్చుంది. ఇది చూసి "గూగుల్ దీన్ని చదివి పైకి తెస్తుంది" అని చెప్పేవాళ్లు ఉన్నారు. వెబ్ సెర్చ్‌లో ర్యాంకు ఇవ్వడానికి ఈ కీవర్డ్స్ వరుసను వాడబోమని గూగుల్ 2009లోనే బహిరంగంగా చెప్పింది. ఇక యూట్యూబ్ సంగతి. దాని సహాయ పేజీలో ఉన్నది సూటిగా ఉంది: వీడియో జనానికి దొరకడంలో టైటిల్, థంబ్‌నెయిల్, డిస్క్రిప్షన్‌లదే ముఖ్యపాత్ర, ట్యాగుల పాత్ర అతి తక్కువ. ఒక్క సందర్భంలో మాత్రం ట్యాగులు పనికొస్తాయి. వీడియోలోని విషయం పేరును జనం తరచూ తప్పు స్పెల్లింగ్‌తో కొట్టేదైతే.

ఈ ఒక్క మినహాయింపు మనకు చాలా పెద్దది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్లకు స్పెల్లింగ్ అంటూ ఒకటి లేదు కదా. పెద్దబాపుకు వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్‌లన్నీ తిరగేసి చూశాను. బత్తాయిని `batthayi`, `battayi`, `bathai`, `battai`, `bathayi` అని ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. ఊరి పేరు కూడా అంతే: `Nalgonda`, `Nallagonda`, `Nalagonda`. పాలమూరు వాళ్లైతే `Mahbubnagar`, `Mahaboobnagar`, `Palamuru`. కాయ రాలుడుకు `kaya raludu`, `kaaya raaludu`. వీటన్నిటినీ టైటిల్‌లో పెట్టలేం, డిస్క్రిప్షన్‌లో పెడితే చదివేవాళ్లకు అసహ్యం. వీటికి సరైన చోటు ట్యాగుల డబ్బాయే.

పాతవన్నీ తుడిచేసి ఈ స్పెల్లింగులు మాత్రమే పెట్టాను. డబ్బాలో సగానికి పైగా ఖాళీ మిగిలింది. దాన్ని నింపాలన్న ఆరాటం అవసరం లేదు.

ఆగస్టు రెండో వారం

కొత్త వీడియో డ్రాఫ్ట్‌గా ఎక్కించి చూస్తే తుడిచేసిన పాత ట్యాగులు, పాత మాటల మూట మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. కారణం వెతకగా దొరికింది. స్టూడియో సెట్టింగ్స్‌లో `Upload defaults` అని ఒకటి ఉంది. అక్కడ టైటిల్, డిస్క్రిప్షన్, ట్యాగులు ఒక్కసారి నింపి పెడితే ఇక ఎక్కించే ప్రతి వీడియోకూ అవే వచ్చి కూర్చుంటాయి. షాపు వాళ్లు మూటను అక్కడ పెట్టి వదిలేశారు. కల్లు గీసే అతనితో చేసిన ముచ్చటకూ, మోటార్ రిపేరు వీడియోకూ అవే ట్యాగులు ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. మీ ఛానెల్ ఇంకొకరి చేతుల మీదుగా వచ్చిందంటే ఒక్కో వీడియోను సరిచేసేముందు ఇక్కడ చూడండి. నేను అక్కడ ట్యాగులు, డిస్క్రిప్షన్ ఖాళీ చేసి, పెద్దబాపు తోట ఏ మండలంలో ఉందో చెప్పే ఒక్క వాక్యం మాత్రం ఉంచాను.

డిస్క్రిప్షన్‌లో ఉన్న మాటల మూటను తీసేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది ఉత్త దండగ మాత్రమే కాదు. డిస్క్రిప్షన్‌లో ట్యాగులను గుట్టగా పోయడం స్పామ్, మోసపూరిత పద్ధతుల మీద యూట్యూబ్ పెట్టుకున్న నియమాలకు విరుద్ధం. బత్తాయి వీడియో కింద సినిమా హీరో పేరు రాయడం కూడా చూసేవాళ్లను తప్పుదారి పట్టించడమే అవుతుంది. వీడియో తీసేసే దాకా పోవచ్చు. ట్యాగుల డబ్బాలో ఎక్కువ పెడితే పెద్దగా ఒరిగేదేమీ లేదు, కానీ అవే తెచ్చి డిస్క్రిప్షన్‌లో పోస్తే నష్టం జరగొచ్చు. ఈ తేడా చాలామందికి తెలియదు.

ఆగస్టు మూడో వారం, కీవర్డులు

కీవర్డ్‌కు ఈ వీడియో అప్‌లోడ్ పేజీలో డబ్బా లేదు. ఛానెల్ సెట్టింగ్స్‌లో ఛానెల్ మొత్తానికి కీవర్డ్స్ అని ఒక గడి ఉంది గానీ, అది ఒక్కో వీడియోకు సంబంధించినది కాదు. వీడియో విషయంలో కీవర్డ్ అంటే రైతు సెర్చ్‌లో కొట్టే మాట. ఆ మాట మన టైటిల్‌లో, డిస్క్రిప్షన్ మొదటి వాక్యాల్లో, వీడియోలో పెద్దబాపు నోట ఉందా లేదా అన్నదే లెక్క. సెర్చ్ ఫలితాలకు యూట్యూబ్ చూసేవి మూడు అని అదే చెప్పుకుంది: అడిగినదానికి వీడియో ఎంత సరిపోతుంది, జనం దాన్ని ఎంతసేపు చూస్తున్నారు, ఆ విషయంలో ఆ ఛానెల్ ఎంత నమ్మదగింది. సరిపోవడం చూసేటప్పుడు టైటిల్, డిస్క్రిప్షన్, వీడియోలోని విషయంతో పాటు ట్యాగులనూ లెక్కలోకి తీసుకుంటుంది. కాబట్టి ట్యాగులు చచ్చిపోయాయనడమూ సరికాదు. ఆ నాలుగింటిలో వాటిది చివరి చోటు, అంతే.

మరి రైతు కొట్టే మాట ఏది? మూడు చోట్ల వెతికాను. ఛానెల్ అనలిటిక్స్‌లో ట్రాఫిక్ సోర్స్ కింద యూట్యూబ్ సెర్చ్ నొక్కితే జనం ఏం వెతికి మన దగ్గరికి వచ్చారో జాబితా వస్తుంది. లాగిన్ లేని ఇన్‌కాగ్నిటో కిటికీలో "బత్తాయి" అని కొట్టి ఆగితే, యూట్యూబ్ తనే ముగింపులు చూపిస్తుంది. అవి జనం కొట్టినవాటి నుంచి వచ్చినవే. మూడోది పెద్దబాపు ఫోన్. రైతులు ఫోన్ చేసి మొట్టమొదట అనే వాక్యాన్ని రాసుకోమని ఆయనకు ఒక నోట్‌బుక్ ఇచ్చాను.

అన్నిటికంటే పనికొచ్చింది నోట్‌బుక్కే. మేం "పండ్ల రసం పీల్చే రెక్కల పురుగు నివారణ" అని టైటిల్ పెట్టాలనుకున్నాం. వ్యవసాయ పుస్తకాల్లో ఉండే పేరు అదే. నోట్‌బుక్‌లో మాత్రం ఆ మాటతో మొదలైన ఫోన్ ఒక్కటీ లేదు. "కాయ రాల్తుంది పటేలా, ఏం మందు కొట్టాలె", "కాయకు సూది గుచ్చినట్టు బొక్క పడుతుంది", "బొక్క చుట్టూ మురుగుతుంది". పురుగు పేరు తెలిసినవాడు మా వీడియో ఎందుకు వెతుకుతాడు? తెలియనివాడే వెతుకుతాడు, వాడు తనకు కనిపించిన లక్షణాన్ని కొడతాడు.

ఆ రాత్రి తోటలోకి పోయి రాలిన కాయ ఒకటి తెచ్చి టార్చ్ వెలుతురులో తీశాను. తొక్క మీద సూదిమొన అంత రంధ్రం, దాని చుట్టూ గోధుమ రంగు మచ్చ. కాయను బొటనవేలితో నొక్కితే ఆ రంధ్రంలోంచి రసం చిమ్మింది. నీటి ఎద్దడికో, పోషకాల లోపానికో రాలిన కాయకు ఈ రంధ్రం ఉండదు. రైతు తన చెట్టు కింద నిలబడి తేల్చుకోగల తేడా ఇది. థంబ్‌నెయిల్‌కు ఆ ఫొటోనే వాడాం. పెట్టిన టైటిల్:

"బత్తాయి కాయకు రంధ్రం పడి రాలుతోందా? రాత్రి వచ్చే రెక్కల పురుగు పనే"

టైటిల్‌కు 100 అక్షరాల దాకా వీలుంది. అయినా ఫోన్ తెర మీద చివరి ముక్క తెగిపోతుంది కాబట్టి బత్తాయి, కాయ, రంధ్రం, రాలుతోందా అన్న నాలుగు మాటలనూ ముందుకు తెచ్చాం. డిస్క్రిప్షన్‌కు 5,000 అక్షరాలు ఇస్తారు. మాది చిన్న పేరా. మొదటి రెండు వాక్యాలు ఇవి:

"బత్తాయి కాయ మీద సూది గుచ్చినట్టు బొక్క పడి, చుట్టూ మురిగి రాలిపోతుంటే అది రసం పీల్చే రెక్కల పురుగు వల్ల. చీనీ, మోసంబి తోటల్లో కూడా ఇదే కనిపిస్తుంది."

రెండో వాక్యం ఎందుకు రాశామంటే, మనం బత్తాయి అనేదాన్ని అనంతపురం, కడప వైపు చీనీ అంటారు, హైదరాబాద్‌లో కొనేవాళ్లు మోసంబి అంటారు. వీటిని ట్యాగుల్లో పెట్టాలా, డిస్క్రిప్షన్‌లోనా అని తమ్ముడు అడిగాడు. నేను పెట్టుకున్న పద్ధతి ఇది: ఒకే మాటకు స్పెల్లింగ్ మారితే ట్యాగ్, మాటే మారితే వాక్యంలోకి. చీనీ రైతు డిస్క్రిప్షన్ చదివితే "ఇది నా తోటకూ పనికొస్తుంది" అని తెలియాలి. కనపడని డబ్బాలో ఆ మాట పెడితే అతనికి తెలిసే దారి లేదు.

డిస్క్రిప్షన్ కిందనే సమయాలు కూడా రాశాం. మొదటిది `00:00` నుంచే మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కో భాగం పది సెకన్లకు తగ్గకూడదు. అప్పుడే యూట్యూబ్ వాటిని అధ్యాయాలుగా చూపుతుంది. "కంచె మీద తిప్పతీగ ఎందుకు పీకాలి" అని ఒక భాగానికి పేరు పెట్టాం. ఈ పురుగు పిల్లదశలో బత్తాయిని ముట్టదు, తిప్పతీగ, దూసరితీగ లాంటి తీగల ఆకులు తిని పెరుగుతుంది.

ఆగస్టు చివర, హ్యాష్‌ట్యాగులు

హ్యాష్‌ట్యాగ్ మిగతా రెండింటిలాంటిది కాదు. ఇది చూసేవాళ్లకు కనిపిస్తుంది, నొక్కితే లింకులా పనిచేస్తుంది. నొక్కినవాళ్లు ఆ హ్యాష్‌ట్యాగ్ పెట్టిన వీడియోలన్నీ ఉండే పేజీకి పోతారు. డిస్క్రిప్షన్‌లో పెట్టినవాటిలో మూడింటి వరకు టైటిల్ దగ్గర కూడా కనిపించవచ్చు. ఒక వీడియోకు 60 దాటితే యూట్యూబ్ అన్నిటినీ పక్కన పెట్టేస్తుంది, ఒక్కటీ పనిచేయదు.

`#viral` గురించి ఆలోచించండి. మన వీడియో చూస్తున్న రైతు దాన్ని నొక్కితే ఎక్కడికి పోతాడు? ప్రపంచంలో ఎవరెవరో పెట్టిన నానా వీడియోల గుంపులోకి. మన దగ్గరికి వచ్చిన మనిషిని మనమే బయటికి పంపినట్టు. అటు నుంచి ఆ గుంపులో మన బత్తాయి కాయ ఎవరికీ కనపడదు. `#shorts` కూడా ఇలాంటిదే. 2024 అక్టోబర్ 15 నుంచి మూడు నిమిషాల లోపు ఉన్న నిలువు, చదరపు వీడియోలను యూట్యూబ్ తనంతట తనే షార్ట్స్‌గా తీసుకుంటోంది. ఆ ముద్ర వేసేది హ్యాష్‌ట్యాగ్ కాదు, వీడియో ఆకారం, నిడివి.

మేం మూడే ఉంచాం: `#Batthayi`, `#Nalgonda`, `#BatthayiKayaRaludu`. మూడోది మా సొంతం. కాయ రాలుడు మీద నిరుడు తీసినదానికీ, పురుగుకు పొగబెట్టే పద్ధతి చూపే చిన్న వీడియోకూ కూడా అదే పెట్టాం. నొక్కితే మావే వరుసగా వస్తాయి. తమ్ముడు మొదట `#Batthayi Kaya Raludu` అని ఖాళీలు వదిలి కొట్టాడు. ఖాళీ రాగానే హ్యాష్‌ట్యాగ్ తెగిపోతుంది, `#Batthayi` వరకే లింకు అవుతుంది. పబ్లిష్ చేశాక ఫోన్‌లో ఒక్కోదాన్ని నొక్కి చూస్తే ఇది వెంటనే తెలిసిపోతుంది.

సెప్టెంబర్

పాత వీడియోకూ కొత్త టైటిల్, డిస్క్రిప్షన్ మార్చాం. దీన్ని ఒకేసారి చేయలేదు. మొదట ట్యాగులు మాత్రమే మార్చి కొన్నాళ్లు వదిలేశాను, ఆ తర్వాతే టైటిల్, డిస్క్రిప్షన్, థంబ్‌నెయిల్. అన్నీ ఒక్క రోజే మార్చేస్తే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.

ట్యాగులు మార్చిన తర్వాత సెర్చ్ నుంచి వచ్చేవాళ్లలో కంటికి ఆనే తేడా రాలేదు. ఒక్కో స్పెల్లింగ్‌ను ఇన్‌కాగ్నిటోలో కొట్టి చూశాను. `battayi`, `bathai` లాంటివాటికి ట్యాగులు పెట్టకముందే బత్తాయి వీడియోలే వస్తున్నాయి. అంటే చాలావరకు స్పెల్లింగులను యూట్యూబ్ తనే సర్దుకుంటోంది. ట్యాగుల అవసరం మిగిలింది అది పోల్చుకోలేని ఒకటి రెండు వింత స్పెల్లింగులకే. అందుకే ఇకనుంచి కొత్త వీడియోకు ట్యాగుల మీద రెండు నిమిషాలకు మించి పెట్టను.

టైటిల్ మార్చాక మాత్రం అనలిటిక్స్‌లో సెర్చ్ మాటల జాబితా రూపమే మారింది. అంతకుముందు ఎక్కువగా ఛానెల్ పేరు కొట్టి వచ్చినవాళ్లే, అంటే ముందే మేం తెలిసినవాళ్లు. ఇప్పుడు పైన ఉన్నవి "బత్తాయి కాయ రాలడం", "బత్తాయి కాయకు రంధ్రం", వాటి ఇంగ్లిష్ అక్షరాల రూపాలు. హ్యాష్‌ట్యాగ్ పేజీల నుంచి వచ్చినవాళ్లు చాలా స్వల్పం, వాళ్లలోనూ ఎక్కువమంది మా సొంత హ్యాష్‌ట్యాగ్ మీదుగా ఒక వీడియో నుంచి ఇంకోదానికి వెళ్లినవాళ్లే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. వానాకాలం చివర కాయ పక్వానికి వచ్చేటప్పుడే ఈ పురుగు ఉధృతి పెరుగుతుంది, రైతులు ఎక్కువగా వెతికేదీ అప్పుడే. కాబట్టి సెప్టెంబర్‌లో వ్యూస్ పెరగడాన్ని మొత్తంగా టైటిల్ ఖాతాలో వేయలేను. నేను నమ్మేది వ్యూస్ లెక్కను కాదు, ఏ మాటలు కొట్టి వచ్చారన్న జాబితాను. సీజన్ వల్ల మనుషుల సంఖ్య పెరగొచ్చు గానీ, "రంధ్రం" అని కొట్టినవాళ్లు "తోట ముచ్చట్లు పార్ట్ 7" దగ్గరికి రారు.

ఇంకొకటి. లాగిన్ అయి ఉన్న సొంత ఫోన్‌లో వెతికితే మన వీడియోనే పైన కనిపించడం మామూలే, మనం ముందు చూసినవాటిని బట్టి ఫలితాలు మారతాయి. పెద్దబాపు రోజూ తన ఫోన్‌లో చూసి "మనదే ఫస్టు ఉన్నది బిడ్డా" అని సంబరపడేవాడు. పక్క ఊరి బావ ఫోన్‌లో కొట్టిస్తే అయిదో ఆరో చోట ఉంది. అదైనా బాగానే ఉంది, నిరుడు అసలు కనిపించేదే కాదు.

అక్టోబర్

కామెంట్లలో అనంతపురం వైపు రైతు ఒకరు "మా చీనీ తోటలో ఇదే ఉంది, తీగ పీకించాం" అని రాశారు. సెర్చ్ జాబితాలో "చీనీ" మాత్రం ఇంకా కింద ఎక్కడో ఉంది. డిస్క్రిప్షన్‌లో ఒక్కసారి వచ్చిన మాట, టైటిల్‌లోనే చీనీ అని ఉన్న వీడియోలతో పోటీపడలేదు. దానికి ట్యాగుల డబ్బాలో చోటు వెతికితే లాభం లేదు. ఆ వైపు రైతులకు వాళ్ల మాటతో వేరే వీడియో తీయాల్సిందే.

తరువాతి వీడియో చెట్టును బెట్టకు వదలడం మీద. పూత కోసం నీళ్లు ఎప్పుడు ఆపాలి, ఆకు ఎంత వాడితే మళ్లీ తడి ఇవ్వాలి అన్నది చూపించాలి. పెద్దబాపు నోట్‌బుక్‌లో ఇప్పటిదాకా ఎక్కువగా వచ్చిన వాక్యం "బత్తాయికి నీళ్లు ఎప్పుడు బంద్ చేయాలె". టైటిల్ దాంతోనే మొదలవుతుంది. ట్యాగుల్లో `betta`, `bettaku` లాంటి స్పెల్లింగులు, హ్యాష్‌ట్యాగులు రెండు, డిస్క్రిప్షన్‌లో చీనీ తోటల ప్రస్తావన ఒక్క వాక్యం. కెమెరా బ్యాటరీ మార్చాలి, ఆదివారం పొద్దున షూటింగ్.